రొయ్యల చెరువు పుస్తకం, ఫైనలియర్ రెజ్యూమె



నరసాపురంలో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో డిగ్రీ చివరి ఏడాదో, బీటెక్ చివరి ఏడాదో చదువుతూ చేతిలో ఇంకా ఒక్క ఇంటర్న్‌షిప్ కూడా లేని పిల్లల కోసం ఈ ప్రసంగం. వై.ఎన్. కాలేజీలో చదువుతూ ఉండవచ్చు, సీతారామపురం స్వర్ణాంధ్రలో చదువుతూ ఉండవచ్చు, రోజూ రైలెక్కి భీమవరం వెళ్లి వస్తూ ఉండవచ్చు. క్యాంపస్ ఎంపికల కాలం దగ్గరపడింది. రెజ్యూమెలో ఇంటర్న్‌షిప్ అని రాసుకున్న చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీని ఎలా నింపాలి? ఇవాళ మాట్లాడబోయేది అదొక్కటే.

ముందుగా ఎలా నింపకూడదో చెప్తాను. ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువుకి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది తర్వాత సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్, చివరి ఏడాదిలో ఒక సెమిస్టరు పూర్తిగా పనిలో. ఉద్దేశం మంచిదే. కానీ ఒకేసారి అన్ని వేల మంది పిల్లలకు పని చూపించే సంస్థలు చిన్న ఊళ్లలో ఎక్కడున్నాయి? దాంతో డబ్బు కడితే సర్టిఫికెట్టు పంపే బేరాలు మొదలయ్యాయి. నాలుగు వీడియోలు, ఒక క్విజ్జు, రంగురంగుల పీడీఎఫ్. నేను విద్యార్థుల రెజ్యూమెలు చూస్తూ ఉంటాను. ఒకే తరగతి నుంచి వచ్చిన రెజ్యూమెల్లో ఒకే సంస్థ పేరు, ఒకే తేదీలు, ఒకే ప్రాజెక్టు కనిపిస్తుంటాయి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకీ అవి కనిపిస్తాయి. "ఆ రెండు నెలల్లో మీకు రోజూ పని చెప్పింది ఎవరు?" అని ఒక్క ప్రశ్న వేస్తారు. జవాబు ఉండదు. ఉద్యోగం వచ్చాక కూడా చాలా కంపెనీలు వెనకటి కాగితాలను వేరే సంస్థల చేత తనిఖీ చేయిస్తాయి. అక్కడ తేలితే ఇచ్చిన ఆఫరు వెనక్కి పోతుంది. ఖాళీ ఉన్న రెజ్యూమెకి నష్టం కొంతే. అబద్ధం ఉన్న రెజ్యూమెకి నష్టం పూర్తిగా.

మరేం చెయ్యాలి? మన ఊళ్లో, నిజంగా వ్యాపారం చేసుకుంటున్న ఒక మనిషి దగ్గర, ఆయనకి అక్కరకొచ్చే ఒక చిన్న పని మొదలుపెట్టి పూర్తి చెయ్యాలి. ఆ మనిషికి ఫోన్ చేస్తే "అవునండీ, ఆ అమ్మాయి చేసింది, నాకు ఉపయోగపడింది" అని చెప్పగలగాలి. నేను చెప్పే ప్రణాళిక అంతా ఇదే. అయితే మాటగా చెప్తే ఇది గాలిలో ఉంటుంది. అందుకని ఒక ఉదాహరణ తీసుకుని మొదటి రోజు నుంచి చివరి దాకా నడిపిస్తాను. మనుషులు ఊహించినవాళ్లే. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవే. పద్ధతి మాత్రం మన చెరువుల మీద రోజూ జరిగేదే.

ఒక అమ్మాయి. కంప్యూటర్ సైన్స్ చివరి ఏడాది. ఎక్సెల్ బాగా వచ్చు, పైథాన్ కొంచెం వచ్చు. వాళ్ల నాన్నగారి స్నేహితుడు ఒకాయన మొగల్తూరు వైపు రెండు చెరువుల్లో వనామీ రొయ్యలు పెంచుతున్నారు. ఒక్కోటి ఎకరం. చెరువు గట్టు మీద షెడ్డులో ఒక పొడుగు పుస్తకం ఉంటుంది. ఏ చెరువు దగ్గరికి వెళ్లినా అది కనిపిస్తుంది. తేదీ, పూట పూటకీ వేసిన మేత, చెక్ ట్రేలో మిగిలిందా లేదా, వారానికోసారి వల విసిరి చూసిన కౌంటు, వానొస్తే వాన, చచ్చిన రొయ్యలు కనిపిస్తే ఆ మాట. అన్నీ పెన్నుతో, తెలుగులో, కొన్నిచోట్ల బురద మరకల కింద.

ఆ అమ్మాయి వెళ్లి అడిగింది. "బాబాయ్ గారూ, కిందటి పంట మేత పుస్తకం ఒక వారం రోజులు నాకిస్తారా?"

"దాంతో నీకేం పనమ్మా? పంట అయిపోయిందిగా."

"రెండు చెరువులకీ మేత ఖర్చు ఎందుకు తేడా వచ్చిందో లెక్క కట్టి మీకు ఒక కాగితం మీద రాసిస్తాను. డబ్బులేం వద్దు. నా చదువుకి పనికొస్తుంది. మీ పేరు, ఎవరికి అమ్మారో, ఎంతకి అమ్మారో ఎక్కడా పెట్టను."

ఇలా అడగడంలో మూడు సంగతులున్నాయి. తనకేం కావాలో చెప్పింది. ఆయనకేం వస్తుందో చెప్పింది. ఏది బయటపెట్టదో ముందే చెప్పింది. ఈ మూడోది మరిచిపోతే చాలామంది పుస్తకం ఇవ్వరు. ఇవ్వకపోవడం న్యాయమే కూడా. రైతుకి ధర, కొనుగోలుదారు, అప్పు, ఇవి ఇంటి సంగతులు. "మీ వ్యాపారానికి యాప్ చేసిపెడతాను" అని మాత్రం వెళ్లకండి. ఆయన యాప్ అడగలేదు. ఆయనకి తెలియాల్సింది మేత ఎందుకు ఎక్కువైందన్నది.

ఇప్పుడు పుస్తకం ఇంటికొచ్చింది. ఒక్కో చెరువుకి సుమారు వంద రోజులు, రెండింటికీ కలిపి రెండొందల వరుసలు. టైపు చెయ్యడమే మొదటి పని. ఇది విసుగు పుట్టించే పని, అయినా తప్పించుకోవద్దు. ఎందుకంటే పుస్తకంలో ఏముందో ఇక్కడే అర్థమవుతుంది. ఒక పేజీలో మేతని కిలోల్లో రాశారు, ఇంకో పేజీలో బస్తాల్లో రాశారు. మేత బస్తా పాతిక కిలోలు. అంకె పక్కన ప్రమాణం రాయకుండా రెండు అని వేస్తే అది రెండు కిలోలో, రెండు బస్తాలో మామూలుగా ఆ రోజు వరస చూస్తే తెలుస్తుంది. మొదటి వారంలో రెండు అంటే కిలోలే. డెబ్బయ్యో రోజున రెండు అంటే బస్తాలు. ఇలాంటి ప్రతి నిర్ణయాన్నీ పక్క గడిలో ఒక మాటగా రాసుకోవాలి. "ఇక్కడ బస్తా అనుకున్నాను" అని. ఆ తర్వాత ఆయన్ని అడిగి ఖాయం చేసుకోవాలి.

పుస్తకం టైపయ్యాక, ఇంకా ఏ గ్రాఫూ గియ్యకముందు, ఒక సరిచూపు చెయ్యాలి. కొన్న మేతకీ, రాసిన మేతకీ సరిపోయిందా? మొదటి చెరువుకి దుకాణం బిల్లుల ప్రకారం 84 బస్తాలు వాడారు. అంటే 2,100 కిలోలు. పుస్తకంలో రోజువారీ అంకెలన్నీ కూడితే 2,010 కిలోలే వచ్చింది. 90 కిలోలు తేడా. ఇక్కడ చాలామంది పిల్లలు కంగారుపడి అంకెలు సర్దేస్తారు, లేదా చూడనట్టు ముందుకెళ్లిపోతారు. రెండూ చెయ్యకూడదు. ఆ అమ్మాయి తేదీలు వరసగా పేర్చి చూసింది. మధ్యలో మూడు రోజులు లేవు. పుస్తకంలో ఆ చోట పేజీ ఖాళీ లేదు, తేదీ ఒక్కసారిగా మూడు రోజులు ముందుకు దూకింది. అటూ ఇటూ ఉన్న రోజుల్లో రోజుకి 30 కిలోల చొప్పున వేశారు. మూడు ముప్పైలు తొంభై. ఫోన్ చేసి అడిగితే, ఆ మూడు రోజులూ ఆయన పెళ్లికి వెళ్లారు, చెరువు మీద ఉన్న కుర్రాడు మేత వేశాడు గానీ రాయలేదు. తేడా తేలింది.

నా మటుకు నాకు ఈ పనిలో అన్నిటికన్నా విలువైన ముక్క ఇదే. ఇంటర్వ్యూలో గ్రాఫు చూపిస్తే ఎవరూ కుర్చీలో ముందుకి జరగరు. "తొంభై కిలోలు తేడా వచ్చింది, ఎక్కడ పోయిందో ఇలా పట్టుకున్నాను" అంటే జరుగుతారు. ఉద్యోగంలో మొదటి ఏడాదంతా వాళ్లు చేయించబోయే పని అదే కాబట్టి.

ఇక అసలు లెక్క. చెరువు మనుషులు దీన్ని ఎఫ్‌సీఆర్ అంటారు. కిలో రొయ్య పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్నది. వేసిన మొత్తం మేతని పట్టుబడి బరువుతో భాగిస్తే వస్తుంది. మొదటి చెరువులో పట్టుబడి 1,400 కిలోలు, మేత 2,100. భాగిస్తే 1.5. రెండో చెరువులో పట్టుబడి 1,440 కిలోలు, మేత 75 బస్తాలు, అంటే 1,875 కిలోలు. భాగిస్తే 1.3. చూడ్డానికి తేడా చిన్నది. పాయింట్ రెండు. కానీ 1,400 కిలోల రొయ్యకి పాయింట్ రెండు అంటే 280 కిలోల మేత. కిలో వంద రూపాయలు అనుకుంటే 28 వేలు. ఒక ఎకరంలో, ఒక పంటలో.

ఎందుకొచ్చింది ఈ తేడా? ఇక్కడ కౌంటు సాయానికొస్తుంది. కౌంటు అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. మన వైపు ఇది చిన్నపిల్లలకీ తెలుసు, కానీ హైదరాబాదులో ఇంటర్వ్యూ చేసేవారికి తెలియదు, అక్కడ విడమరిచి చెప్పాలి. మొదటి చెరువులో 50 కౌంటుకి పట్టారు. 1,400 కిలోలని యాభైతో గుణిస్తే 70 వేల రొయ్యలు. వేసిన సీడు లక్ష. అంటే నూటికి 70 బతికాయి. రెండో చెరువులో 60 కౌంటు. 1,440 ని అరవైతో గుణిస్తే 86,400. వేసిన సీడు అక్కడా లక్షే. నూటికి 86 పైన బతికాయి.

ఇప్పుడు కథ కొంచెం కొంచెం కనపడుతుంది. మొదటి నెల రోజులూ చెరువులో మేత పట్టిక ప్రకారం వేస్తారు, రొయ్య ఇంకా వలకి చిక్కేంత పెరగదు కాబట్టి. ఆ తర్వాత వల విసిరి సగటు బరువు చూస్తారు, ఇన్ని బతికుంటాయి అని ఒక అంచనా వేసుకుంటారు, ఆ రెంటినీ గుణించి అందులో ఇంత శాతం అని మేత కడతారు. బరువు వలలో తెలుస్తుంది. ఎన్ని బతికున్నాయన్నది మాత్రం అంచనాయే. ఆయన రెండు చెరువులకీ 85 వేలు బతికున్నాయనుకున్నారు. రొయ్య పది గ్రాములున్నప్పుడు 85 వేల రొయ్యలంటే 850 కిలోలు. రోజుకి అందులో మూడు శాతం మేత అంటే పాతిక కిలోల పైచిలుకు. నిజంగా అప్పటికి 75 వేలే ఉంటే 750 కిలోలు, వాటికి కావలసింది ఇరవై రెండున్నర కిలోలు. రోజుకి మూడు కిలోల మేత, తినే నోరు లేక, చెరువు అడుక్కి చేరింది. రొయ్య పెరిగేకొద్దీ ఆ మూడూ నాలుగు, అయిదు అవుతాయి. అడుగున పేరుకున్న మేత కుళ్లి నీటిని పాడుచేస్తుంది, అది వేరే నష్టం.

మరి చెక్ ట్రే చెప్పలేదా? చెప్పింది. ట్రేలో కొంచెం మేత వేసి చెరువులోకి దించి, గంటన్నర రెండు గంటల తర్వాత ఎత్తి చూస్తారు. మిగిలితే మేత తగ్గించాలి. పుస్తకంలో మొదటి చెరువు దగ్గర నలభయ్యో రోజు నుంచి "మిగిలింది" అనే మాట తరచుగా కనపడుతోంది. కానీ ఆ మర్నాడు మేత తగ్గిన రోజులు తక్కువ. ఇది ఒక్క పట్టికలో తేలిపోతుంది. ట్రేలో మిగిలిన రోజులు ఒక గడిలో, మర్నాడు మేత తగ్గించిన రోజులు పక్క గడిలో. పెద్ద గణాంక శాస్త్రం అక్కర్లేదు, ఎక్సెల్ చాలు.

ఇంత తేలాక ఒక ప్రలోభం ఉంటుంది. "మేత నిర్వహణ లోపం వల్ల 28 వేల నష్టం అని రుజువు చేశాను" అని రాసెయ్యాలనిపిస్తుంది. రాయకండి. ఉన్నవి రెండు చెరువులు, ఒక్క పంట. మొదటి చెరువులో మేత ఎక్కువై నీరు పాడై రొయ్యలు చచ్చాయా, లేక ముందే చచ్చిపోతే మేత ఎక్కువైందా, ఈ పుస్తకం తేల్చలేదు. రెండు చెరువుల్లో పట్టిన కౌంటు ఒకటి కాదు. పెద్ద రొయ్య దాకా పెంచితే ఎఫ్‌సీఆర్ ఎటూ కొంచెం పెరుగుతుంది. సీడు లక్ష అని బిల్లులో ఉంటుంది గానీ హేచరీలవాళ్లు అదనంగా కొంత వేసే అలవాటుంది, కాబట్టి బతికిన శాతం బిల్లు అంకె మీద కట్టిందే. ఈ పరిమితులన్నిటినీ నివేదికలో తేటగా రాస్తే చదివేవాడికి నమ్మకం కుదురుతుంది. ఏం తేలిందో ఒక పేరా, ఏం తేలలేదో ఒక పేరా, వచ్చే పంటకి ఏం రాసిపెట్టుకుంటే తేలుతుందో ఒక పేరా.

ఇక ఆ నివేదిక రెండు రూపాల్లో ఉండాలి. రైతుకి తెలుగులో ఒకటే పేజీ. పెద్ద అక్షరాలు, రెండు చెరువుల అంకెలు పక్కపక్కన, కింద రెండు సూచనలు. ఒకటి, ట్రేలో మిగిలితే మర్నాడు ఎంత తగ్గించారో పుస్తకంలోనే ఒక గడి పెట్టి రాయించడం. రెండు, వల విసిరినప్పుడు కౌంటుతో పాటు వలలో ఎన్ని పడ్డాయో కూడా రాసుకోవడం. ఒకే వల, ఒకే చోట్లు అయితే, వారం వారం ఆ అంకె పడిపోతుంటే చెరువులో సంఖ్య తగ్గుతోందని అనుమానించవచ్చు. దీని మీద ఆయన తప్పకుండా ఏదో అంటారు. "చలి రోజుల్లో రొయ్య వలలో పడదమ్మా" అనొచ్చు. అది రాసుకోవాలి. ఆయన దిద్దిన మాట నివేదికలో చేరితే అది ఇద్దరి పని అవుతుంది.

రెండో రూపం గిట్‌హబ్‌లో. అక్కడ ఎక్కువ ఫైళ్లు అక్కర్లేదు. పేర్లు, ధరలు తీసేసిన డేటా ఫైలు ఒకటి, లెక్కలు చేసిన ఫైలు ఒకటి, చదివి అర్థం చేసుకోవడానికి ఒక పేజీ వివరణ. ఆ వివరణలో మొదటి వాక్యం "ఈ ప్రాజెక్టులో పైథాన్, పాండాస్ వాడాను" అని ఉండకూడదు. "రెండు పక్కపక్క చెరువుల్లో ఒకదానికి మేత ఎందుకు ఎక్కువ పట్టిందో చేతిరాత పుస్తకం నుంచి వెతికాను" అని ఉండాలి. ఏ పనిముట్టు వాడారన్నది కింద ఎక్కడో ఒక వరుస.

రెజ్యూమె ఎలాగూ ఇంగ్లీషులోనే రాస్తారు. ఏం రాయాలో నేను తెలుగులో చెప్తాను. ఈ పనిని ఇంటర్న్‌షిప్ అని రాయకండి, ప్రాజెక్టు అని రాయండి. శీర్షిక కింద మూడు వరుసలు. రెండు వనామీ చెరువుల ఒక పంట మేత పుస్తకాన్ని, రెండొందల రోజువారీ నమోదులని, చేతిరాత నుంచి డేటాగా మార్చాను. కొన్న మేతకీ రాసిన మేతకీ 90 కిలోల తేడా పట్టుకుని, రాయని మూడు రోజులే కారణమని రైతుతో ఖాయం చేసుకున్నాను. ఎఫ్‌సీఆర్ 1.5, 1.3 అని కట్టి, బతికిన సంఖ్య అంచనా తప్పడం తేడాకి ఒక కారణం కావచ్చని చూపించాను, రైతు తర్వాతి పంట పుస్తకంలో రెండు గడులు చేర్చారు. ఆ చివరి మాట, ఆయన నిజంగా చేర్చితేనే రాయాలి. చేర్చకపోతే "సూచించాను" అని రాయాలి. లింక్డిన్ ప్రొఫైలులోనూ ఇవే మూడు వరుసలు. పేరు కింద వచ్చే ఒక్క వరుసలో "ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న ఉత్సాహవంతురాలిని" అని కాకుండా, "చేతిరాత రికార్డుల నుంచి డేటా పని, ఆక్వా రంగం" అని పెడితే ఎవరు వెతికినా దొరుకుతుంది.

రైతు దగ్గర ఒక ఉత్తరం తీసుకోండి. సర్టిఫికెట్టు కాదు, ఉత్తరం. ఫలానా నెలలో నా చెరువు పుస్తకం తీసుకుని ఈ పని చేసి ఇచ్చింది, నాకు కాగితం అందింది, అడిగితే చెప్తాను. సంతకం, ఫోన్ నంబరు. నంబరు రెజ్యూమెలో వెయ్యకండి. అడిగినప్పుడు, ఆయనకి ముందు ఒక మాట చెప్పి ఇవ్వండి.

దీనికి కాలం ఎంత పడుతుంది? కాలేజీకి వెళ్తూ చేస్తే పుస్తకం సంపాదించి టైపు చెయ్యడానికి రెండు వారాలు, సరిచూసి లెక్క కట్టడానికి రెండు వారాలు, రాసి రైతుకి చూపించి దిద్దుకోవడానికి ఇంకో వారం పది రోజులు. కిందటి పంట పుస్తకంతోనే మొదలుపెట్టమని అందుకే చెప్తున్నాను. కొత్త పంటతో మొదలుపెడితే పట్టుబడి దాకా మూడు నాలుగు నెలలు ఆగాలి, ఈలోపు వైట్ స్పాట్ వచ్చి అర్ధాంతరంగా పట్టేస్తే మీ పనీ అక్కడే ఆగిపోతుంది. ఇంకొక్క మాట. మొదలుపెట్టేముందు కాలేజీలో ఇంటర్న్‌షిప్ చూసే మాస్టారితో మాట్లాడండి. చివరి సెమిస్టరు ఇంటర్న్‌షిప్ మీకింకా మిగిలి ఉంటే, ఇదే పనిని ఒక హేచరీలోనో, మేత డీలరు దగ్గరో, ప్రాసెసింగ్ ప్లాంటులోనో పెద్దదిగా చెయ్యడానికి ఒప్పుకుంటారేమో అడగండి. ముందు అడిగితే దారి దొరకవచ్చు. పని అంతా అయ్యాక వెళ్లి అడిగితే కాగితాలు కలవవు.

మాకు చెరువు తెలిసినవాళ్లు లేరు, మేం బీకాం చదువుతున్నాం అనేవాళ్లకి నరసాపురంలో ఇంకో పుస్తకం ఉంది. లేసు పుస్తకం. ఈ ఊరి చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లు తరాలుగా లేసు అల్లుతున్నారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ అల్లికల వెనక ఉన్న శ్రమ మీద 1982లో ఒక పుస్తకమే రాసింది. ఇటీవల నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇక్కడ వ్యాపారం ఇలా నడుస్తుంది: ఎగుమతిదారు దగ్గర నుంచి ఏజెంటు దారం తెస్తారు, ఇంటింటికీ ఇస్తారు, అల్లినది తిరిగి తీసుకుని కూలి ఇస్తారు. ఇచ్చిన దారం బరువు, తిరిగొచ్చిన అల్లిక బరువు, ఇచ్చిన తేదీ, వచ్చిన తేదీ. ఈ నాలుగూ ఉంటే చాలు. ఏ నమూనాకి దారం ఎక్కువ వృథా అవుతోందో, ఏ నమూనా గడువు దాటుతోందో తెలుస్తుంది. అల్లే ఆమె గంటలు కూడా అడిగి రాసుకుంటే, ఒక్కో నమూనా మీద గంటకి ఎంత కూలి పడుతోందో తెలుస్తుంది. ఆ చివరి అంకె ఏజెంటుకి ఇష్టం ఉండకపోవచ్చు, అల్లే ఆమెకి మాత్రం అది తెలియాలి. ఇంట్లో అమ్మో అమ్మమ్మో అల్లేవాళ్లయితే అక్కడి నుంచే మొదలుపెట్టండి. కాస్టింగ్ పాఠం చదివిన బీకాం విద్యార్థి చేతికి ఇంతకంటే మంచి ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

పని పూర్తయ్యాక ఎవరికి పంపాలి? వందమందికి ఒకే మెయిలు పంపేకన్నా, ఈ పని అర్థమయ్యే చోట్ల పదింటికి పంపండి. చెరువు లెక్క చేసినవాళ్లకి కొవ్వూరు దగ్గర అవంతి ఫీడ్స్ లాంటి మేత కంపెనీలున్నాయి, భీమవరం చుట్టూ ప్రాసెసింగ్ ప్లాంట్లున్నాయి. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ చెరువులో ఆక్సిజన్ కొలిచే పరికరాలు, మేత వేసే యంత్రాలు చేస్తుంది. అలాంటి సంస్థలో కూర్చున్నవాళ్లకి ఎఫ్‌సీఆర్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. మెయిల్లో నాలుగు వాక్యాలు చాలు: నేను ఎవరిని, ఏం చేశాను, ఏం తేలింది, మీ దగ్గర ఏ పని అడుగుతున్నాను. ఒక్క పేజీ నివేదిక జతచెయ్యండి. వారం ఆగి ఒకసారి గుర్తుచెయ్యండి, ఆపైన వదిలేసి తర్వాతి చోటికి వెళ్లండి.

ఊరు దాటకుండా బయటి సంస్థ పేరు కూడా కావాలనుకునేవాళ్లు బొంబాయి ఐఐటీ నడిపే ఫోసీ ప్రాజెక్టుని చూడండి. వాళ్లు ఇంటర్న్‌లని తీసుకునేటప్పుడు ముందు ఒక పరీక్ష పని ఇస్తారు. అది ఎంత బాగా చేశారన్నదే చూస్తారు, అంతకుముందు ఎక్కడ పనిచేశారన్నది అడ్డుపడదు. పైథాన్, ఆర్, సైలాబ్, క్యూజీఐఎస్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల మీద పనులుంటాయి. చెరువు పుస్తకం శుభ్రం చేసిన చేతికి ఆ పరీక్ష పని కొత్తగా అనిపించదు.

డిగ్రీ పూర్తయ్యేనాటికి కూడా ఏదీ కుదరకపోతే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం ఉంది. దాన్ని నాట్స్ అంటారు. పట్టభద్రులు పేరు నమోదు చేసుకుంటే కంపెనీల్లో ఏడాది పాటు నేర్చుకుంటూ పనిచెయ్యవచ్చు. 2019లో సవరించిన నిబంధనల్లో పట్టభద్రులకి నెలకి కనీసం 9 వేల రూపాయల స్టైపెండు అని పెట్టారు, కనీస స్టైపెండులో సగం దాకా ప్రభుత్వమే భరిస్తుంది. అంటే మిమ్మల్ని తీసుకోవడం చిన్న కంపెనీకి కూడా మరీ బరువు కాదు. ఈ మాట మీరే వెళ్లి చెప్పవచ్చు. మేత డీలరు దగ్గరో, ప్లాంటులోనో మీ నివేదిక నచ్చి "ఉద్యోగం ఇవ్వడానికి మాకిప్పుడు వీలు లేదమ్మా" అంటే, "అప్రెంటిస్‌గా తీసుకోండి సార్, నాట్స్‌లో మీ సంస్థ పేరు నమోదు చేసే పని నేను దగ్గరుండి చేసిపెడతాను" అని అడగండి. అందుకు కావలసిన మీ వైపు కాగితాలు, ఆధార్, మార్కుల జాబితాలు, బ్యాంకు ఖాతా, పేర్లు అన్నిట్లో ఒకేలా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట వెనక ఉంటే దిద్దించడానికి రోజులు పడుతుంది.